పొడిబారి రేగే జుట్టుకు కొబ్బరినూనె, ఆర్గాన్ నూనె, సిలికోన్ సీరమ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ మూడింటి గురించి నన్ను అడిగేవారిలో చాలామంది "ఏది మంచిది?" అని మొదలుపెడతారు. కాసేపు మాట్లాడాక తేలేది ఏమిటంటే, వారు కొన్న వస్తువు మంచిదే, రాసిన వేళే తప్పు. తలస్నానానికి ముందు రాయవలసినదాన్ని తరువాత రాసి, తడి మీద రాయవలసినదాన్ని ఆరాక రాసి, చివరకు నూనెను తిట్టుకోవడం తరచుగా చూస్తుంటాను. అందుకే ఇక్కడి ప్రశ్నలను వాడే దశను బట్టి అమర్చాను. ఏ ప్రశ్నకు ఆ సమాధానం విడిగా చదువుకోవచ్చు.

## కొనే ముందు

నేను ఎంత దువ్వినా గంటలోపే జుట్టు పిచ్చుక గూడులా రేగిపోతుంది. అసలు ఇలా ఎందుకు అవుతుంది?

వెంట్రుక పైభాగమంతా ఇంటికప్పు మీది పెంకుల్లాగా ఒకదానిపై ఒకటి పరచుకున్న పలుచని పొలుసులతో కప్పి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న వెంట్రుకలో ఈ పొలుసుల మీద కంటికి కనబడని ఒక కొవ్వు పొర అంటిపెట్టుకుని ఉంటుంది, అదే నీటిని తోసేస్తుంది. బ్లీచ్, రంగు, స్ట్రెయిటనర్ వేడి, తువ్వాలుతో గట్టిగా రుద్దడం, ఎండ వంటివి ఆ పొరను పోగొట్టి పొలుసుల అంచులను లేపుతాయి. అప్పుడు గాలిలోని తేమ తేలికగా లోపలికి చేరి, వెంట్రుకలోని ప్రొటీను గొలుసుల మధ్య ఉండే బలహీనమైన బంధాలను సడలించి కొత్త చోట కలుపుతుంది. దెబ్బతిన్న కొసలు ఒకలా, కొత్తగా పెరిగిన కుదుళ్ల వైపు మరొకలా ఉబ్బుతాయి గనుక పక్కపక్క వెంట్రుకలు ఒకే తీరుగా వంగకుండా ఎటుబడితే అటు లేస్తాయి.

గాలి బాగా పొడిగా ఉన్న రోజుల్లో జుట్టు రేగడానికి కారణం వేరు. అప్పుడు దువ్వెన రాపిడికి పుట్టిన విద్యుదావేశం వల్ల వెంట్రుకలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. పుట్టుకతో ఉంగరాల జుట్టు ఉన్నవారికి కొంత రేగడం సహజమే, అందులో నయం చేయవలసిన లోపమేదీ లేదు.

సూటిగా చెప్పండి, మూడింటిలో ఏది కొనాలి?

మీ ఇబ్బంది ఎక్కడుందో దాన్ని బట్టి కొనాలి. తలస్నానం చేసిన ప్రతిసారీ జుట్టు బిరుసెక్కి, తడిగా ఉన్నప్పుడే తెగిపోతుంటే తలస్నానానికి ముందు రాసే కొబ్బరినూనె ఉపయోగపడుతుంది. స్నానం వరకు బాగానే ఉండి, ఆరేటప్పుడూ బయటికి వెళ్లినప్పుడూ రేగుతుంటే సిలికోన్ సీరమ్ అంత వేగంగా పనిచేసేది మిగతా రెండింటిలో లేదు. ఆరిన తరువాత కొసలు మాత్రమే గడ్డిపోచల్లా గరగరలాడుతుంటే నాలుగు చుక్కల ఆర్గాన్ చాలు.

ఒకటే కొనగలనంటే, రేగడం ఒక్కటే బాధ అయినవారికి నేను సీరమ్ వైపే మొగ్గుతాను. సహజమైనదన్న మాట మీద మమకారం ఉన్నవారికి ఇది నచ్చదని తెలుసు. కానీ ఆరిన జుట్టును అణచి ఉంచడంలో పలుచని సిలికోన్ పొరకు ఉన్న నేర్పు నూనెలకు లేదు.

కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకుతుందంటారు. అది నిజమేనా, లేక అందరూ చెప్పుకునే మాటేనా?

నిజమే. కొబ్బరినూనెలోని కొవ్వు ఆమ్లాల్లో సుమారు సగం లారిక్ ఆమ్లం. దాని గొలుసు పొట్టిగా, వంపులు లేకుండా ఉంటుంది, పైగా వెంట్రుకలోని ప్రొటీనుతో దానికి పొత్తు కుదురుతుంది. అందువల్ల అది పొలుసుల సందుల్లోంచి లోపలికి చేరగలదు. 2003లో రెలే, మొహిలే అనే పరిశోధకులు కొబ్బరినూనెను, పొద్దుతిరుగుడు నూనెను, మినరల్ ఆయిల్‌ను పోల్చి చూసినప్పుడు, జుట్టు నుంచి ప్రొటీను పోవడాన్ని చెప్పుకోదగినంత తగ్గించినది కొబ్బరినూనె ఒక్కటే. కడగడానికి ముందు రాసినా, తరువాత రాసినా ఆ ఫలితం కనబడింది.

అయితే ఈ ఫలితాన్ని ఎంతవరకు తీసుకోవాలో కూడా తెలియాలి. ప్రొటీను నష్టం తగ్గిందంటే వెంట్రుక తొందరగా పాడవదని అర్థం. ఈ రోజు సాయంత్రం జుట్టు రేగకుండా ఉంటుందని కాదు. లోపలికి చేరిన నూనె, తడిసినప్పుడు వెంట్రుక అతిగా ఉబ్బకుండా చూస్తుంది, దాని మేలు నెలల మీద కొసల్లో తెలుస్తుంది.

ఆర్గాన్ అని పెద్ద అక్షరాలతో రాసిన సీసాలో నిజంగా ఆర్గాన్ నూనే ఉంటుందా?

చాలాసార్లు అందులో ఉండేది సిలికోన్ సీరమే, ఆర్గాన్ కొద్దిగా కలుస్తుంది. సీసా వెనక్కి తిప్పి పదార్థాల జాబితా చూడండి. ఎక్కువ పరిమాణంలో ఉన్నవి ముందు వస్తాయి. ఒక శాతం కంటే తక్కువ ఉన్నవాటిని మాత్రం ఏ వరుసలోనైనా రాయవచ్చు. మొదటి రెండు పేర్లు సైక్లోపెంటాసిలోక్సేన్, డైమెథికోన్ లేదా డైమెథికోనాల్ అనే సిలికోన్లవి అయి, ఆర్గానియా స్పినోసా కెర్నెల్ ఆయిల్ అన్న పేరు సువాసన దగ్గరెక్కడో కనిపిస్తే, మీరు కొంటున్నది సీరమ్. అది చెడ్డ వస్తువని కాదు, దాన్ని సీరమ్‌లాగే వాడుకోవాలి. ఆర్గాన్ అనుకుని అరచేతి నిండా పోసుకుంటే మాత్రం జుట్టు పాయలు పాయలుగా అతుక్కుంటుంది.

అసలైన ఆర్గాన్ నూనె మొరాకోలో పెరిగే ఆర్గాన్ చెట్టు గింజల పప్పు నుంచి వస్తుంది. జాబితాలో ఆ ఒక్క పేరే ఉంటుంది, లేదా దానితో పాటు విటమిన్ ఇ ఉంటుంది. సౌందర్య సాధనాలకు వాడే రకం వేయించని పప్పుతో తీసినది గనుక లేత బంగారు రంగులో, తేలికపాటి గింజల వాసనతో ఉంటుంది. గుప్పుమనే పూల పరిమళం వచ్చిందంటే ఏదో కలిపారనే అర్థం.

సిలికోన్ ప్లాస్టిక్ పూతలాంటిదట, జుట్టుకు ఊపిరి ఆడనివ్వదట. మానేయమంటారా?

మాడు దాటి బయటికి వచ్చిన వెంట్రుకలో ప్రాణమున్న కణాలు లేవు, కాబట్టి దానికి ఊపిరి ఆడడమన్న మాటే వర్తించదు. సీరమ్‌లోని సిలికోన్ చాలా పలుచగా పరచుకుని పొలుసుల అంచులను నున్నగా చేస్తుంది, వెంట్రుకల మధ్య రాపిడిని తగ్గిస్తుంది. అందుకే చిక్కులు తేలికగా వస్తాయి. అది తేమను ఇవ్వదు, పోషణా ఇవ్వదు. ఇస్తుందని రాసి ఉంటే అది అమ్మకం మాట.

పర్యావరణం గురించిన అభ్యంతరంలో మాత్రం పస ఉంది. సైక్లోపెంటాసిలోక్సేన్ ప్రకృతిలో తొందరగా విచ్ఛిన్నం కాదు. ఐరోపా సమాఖ్య 2020 నుంచి, కడిగివేసే సౌందర్య ఉత్పత్తుల్లో దీన్ని 0.1 శాతానికి పరిమితం చేసింది. రాసి వదిలేసే ఉత్పత్తులకు కూడా ఆ పరిమితిని విస్తరిస్తూ 2024లో నిబంధన తెచ్చింది. ఈ కారణంగా మానుకోవాలనుకుంటే అది సబబైన నిర్ణయమే, జుట్టు పాడవుతుందన్న భయంతో మానవలసిన పని లేదు.

## తలస్నానానికి ముందు

కొబ్బరినూనె ఎంత రాయాలి, ఎంతసేపు ఉంచాలి?

భుజాలు దాటిన మామూలు దట్టం గల జుట్టుకు ఒకటి రెండు టీచెంచాలు సరిపోతాయి. జుట్టు పొడిగా ఉన్నప్పుడే, చిక్కులు తీసిన తరువాత, చెవుల ఎత్తు నుంచి కిందికి రాయాలి. కొసలకు ముందు రాసి, చేతికి మిగిలిన తడిని పైకి తీసుకురండి. కుదుళ్ల దగ్గర మొదలుపెడితే నూనంతా మాడుకే అంటుకుని, అవసరమున్న కొసలకు అందదు. రాయడం సరిపోయిందని గుర్తు ఏమిటంటే, ఒక పాయను రెండు వేళ్ల మధ్య లాగినప్పుడు జారాలి, కానీ వేళ్ల మీద నూనె కారేంత ఉండకూడదు.

అరగంట తక్కువ కాకుండా ఉంచితే చాలు. తీరిక ఉంటే రెండు మూడు గంటలు, కావాలంటే రాత్రంతా ఉంచుకోవచ్చు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుంది. గడ్డకట్టినది పాడైనట్టు కాదు, సీసాను కాసేపు గోరువెచ్చని నీటిలో ఉంచితే కరుగుతుంది. పొయ్యి మీద మరిగించడం వల్ల అదనపు మేలు లేదు, మాడు కాలే ప్రమాదం మాత్రం ఉంది.

కడిగేటప్పుడు నూనె రాసిన పొడుగు భాగానికి ముందుగా కొంచెం కండిషనర్ పట్టించి, ఆ తరువాత తడిపి, షాంపూను మాడుకు మాత్రమే రుద్దండి. కారే నురగే కొసల నూనెను చాలావరకు తీసుకుపోతుంది. జిడ్డు పోలేదని కొసలను షాంపూతో గుడ్డలు ఉతికినట్టు రుద్దితే, నూనె రాసిన ప్రయోజనమంతా అక్కడే పోతుంది.

నాకు చుండ్రు ఉంది. నూనె రాస్తే తగ్గుతుందా?

పొడిబారిన మాడు నుంచి సన్నగా రాలే పొట్టుకు నూనె కొంత ఉపశమనం ఇవ్వవచ్చు. కానీ అసలైన చుండ్రులో మలసీజియా అనే ఈస్ట్ పాత్ర ఉంటుంది. అది కొవ్వు ఆమ్లాల మీద బతుకుతుంది, మనం రాసే చాలా నూనెల్లో దానికి కావలసినవి దొరుకుతాయి. కాబట్టి మాడు మీద పసుపు రంగు జిడ్డు పొలుసులు, ఎరుపు, దురద ఉన్నవారు మాడుకు నూనె పెట్టకపోవడమే మేలు. రేగేది జుట్టు పొడవు గనుక అక్కడికే పరిమితం చేసుకుని, చుండ్రుకు దాని మందు షాంపూ వాడండి.

## తలస్నానం తరువాత

సీరమ్ తడి జుట్టుకు రాయాలా, ఆరిన జుట్టుకు రాయాలా?

నీళ్లు కారడం ఆగి, ముట్టుకుంటే చల్లగా తగులుతున్నంత తడి ఉన్నప్పుడు రాయాలి. మెత్తని గుడ్డతో జుట్టును రుద్దకుండా ఒత్తి నీరు పీల్చనిచ్చి, పళ్లు దూరంగా ఉన్న దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీయండి. భుజాల వరకు ఉన్న జుట్టుకు రెండు మూడు చుక్కలు చాలు. వాటిని అరచేతుల్లో వేసి, వేళ్ల సందుల్లోకి కూడా మెరుపు వచ్చేదాకా రుద్దుకుని, ముందు మెడ వెనక భాగం, తరువాత కొసలు, చివరగా ముందు వైపు రాయండి. చాలామంది ముఖం పక్క పాయలతో మొదలుపెడతారు. మొదటి స్పర్శలోనే చేతిలోని చుక్కల్లో ఎక్కువ భాగం అక్కడ దిగిపోతుంది గనుక ముందు భాగం జిడ్డుగా, వెనక భాగం ఎప్పటిలాగే రేగినట్టుగా మిగులుతుంది.

తడి మీద రాయడానికి కారణం ఉంది. సీరమ్‌లో పలుచబరిచే పాత్ర సైక్లోపెంటాసిలోక్సేన్‌ది. అది తేలికగా పరచుకుని, కాసేపట్లో ఆవిరైపోయి, డైమెథికోన్ లేదా డైమెథికోనాల్ పొరను వదిలివెళుతుంది. వెంట్రుకలు ఒద్దికగా ఒకదాని పక్కన ఒకటి ఉన్న ఆ సమయంలో పొర పడితే, ఆరేటప్పుడు కూడా అవి అలాగే ఆరుతాయి. ఒకసారి రేగాక రాసే సీరమ్ పైపైన మెరుపునిస్తుంది, రేగిన ఆకారాన్ని మాత్రం వెనక్కి తేలేదు.

సీరమ్, ఆర్గాన్ రెండూ ఒకే రోజు వాడవచ్చా?

వాడవచ్చు, కానీ రెండూ వెంట్రుక ఉపరితలం మీదే ఎక్కువగా పనిచేస్తాయి గనుక మోతాదు తగ్గించాలి. తడి జుట్టుకు సీరమ్ రాసి, పూర్తిగా ఆరాక కొసల చివరి నాలుగు వేళ్ల మేర ఒకటి రెండు చుక్కల ఆర్గాన్ అద్దితే సరిపోతుంది. సన్నని వెంట్రుకలు ఉన్నవారికి రెండూ కలిస్తే భారమవుతుంది, ఒకటే ఎంచుకోండి.

స్ట్రెయిటనర్ పెట్టే ముందు కొబ్బరినూనె రాస్తే వేడి నుంచి కాపాడుతుందని విన్నాను.

దయచేసి అలా చేయకండి. స్ట్రెయిటనర్ పలకలు 180 నుంచి 200 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. శుద్ధి చేయని కొబ్బరినూనె దాదాపు 175 డిగ్రీల దగ్గరే పొగ విడవడం మొదలుపెడుతుంది. వేడికి రక్షణగా తయారైన సీరమ్ లేదా స్ప్రేలోని సిలికోన్ పొర రాపిడిని తగ్గించి, వేడి పాకే వేగాన్ని కొంత నెమ్మదింపజేస్తుంది, అంతేగాని ఏదీ పూర్తి కవచం కాదు. ఏది రాసినా జుట్టు పూర్తిగా ఆరి ఉండాలి. తడి వెంట్రుక మీద అంత వేడి పడితే లోపలి నీరు ఆవిరై బుడగలు ఏర్పడతాయి, ఆ చోటే వెంట్రుక తెగుతుంది. పలక ఆనించినప్పుడు చిటపటమన్న శబ్దం వస్తే వెంటనే తీసేయండి.

## తేడా వచ్చినప్పుడు

కొబ్బరినూనె రాస్తే నా జుట్టు మెత్తబడకపోగా ఇంకా బిరుసెక్కుతోంది. నాకు పడదా?

కొందరికి నిజంగానే అలా అవుతుంది, ముఖ్యంగా తలస్నానం తరువాత రాసి కడగకుండా వదిలేస్తే. రోజూ కొంచెం కొంచెంగా రాస్తుంటే నూనె పేరుకుని, దుమ్ము పట్టి, వెంట్రుకలు కలిసి గట్టి పాయల్లా మారతాయి. చల్లగా ఉన్నప్పుడు నూనె గడ్డకట్టడం కూడా ఆ బిరుసుకు తోడవుతుంది. ముందుగా ఒక్కసారి శుభ్రంగా కడిగి, వారానికి ఒక్కరోజు మాత్రమే, తలస్నానానికి ముందు, ఒక టీచెంచాతో అరగంట ప్రయత్నించండి. మూడు వారాలు అలా చేసినా బిరుసు తగ్గకపోతే కొబ్బరినూనెను వదిలేయండి. గ్లాసు నీళ్లలో వెంట్రుక వేసి, అది మునిగిందా తేలిందా అని చూసి నూనె ఎంచుకునే పరీక్షను మాత్రం నమ్మకండి. వెంట్రుకకు అంటిన జిడ్డు, గాలి బుడగలు కూడా ఆ ఫలితాన్ని మార్చేస్తాయి.

కొత్తలో సీరమ్ అద్భుతంగా ఉండేది. ఇప్పుడు జుట్టు చప్పబడి అతుక్కుపోతోంది. ఎందుకు?

పొర మీద పొర పేరుకుని ఉండవచ్చు. దీన్ని గుర్తించడానికి మంచి సమయం తల తడిపినప్పుడే. కొసలు తడవడానికి మామూలు కంటే ఎక్కువసేపు పట్టి, తడిసినా వేళ్లకు మైనం పూసినట్టు తగిలితే పేరుకున్నట్టే. డైమెథికోన్ నీటిలో కరగదు, కానీ మామూలు షాంపూకు చాలావరకు వదులుతుంది. షాంపూ మానేసి కండిషనర్‌తోనే తల కడుక్కునేవారికి, ఉదయం సాయంత్రం సీరమ్ రాసుకునేవారికి ఈ బాధ ఎక్కువ. జిడ్డును లోతుగా తీసే క్లారిఫయింగ్ షాంపూతో ఒకసారి కడిగి, కండిషనర్ పెట్టి, తరువాత సగం మోతాదుతో మొదలుపెట్టండి.

కడిగిన తరువాత కూడా జుట్టు చప్పగానే ఉంటే కారణం సీరమ్ కాకపోవచ్చు. అటువంటప్పుడు కండిషనర్‌ను కుదుళ్ల దాకా పెడుతున్నారేమో చూసుకోండి.

ఇన్ని రాస్తున్నాను గానీ ఏది పనిచేస్తోందో తెలియడం లేదు. ఎలా తేల్చుకోవాలి?

సగం తల పరీక్ష చేయండి. పాపిడికి ఒక పక్క కొత్త పద్ధతి, మరో పక్క పాత పద్ధతి. షాంపూ, నీరు, వాతావరణం రెండు పక్కలకూ ఒకటే గనుక తేడా దేనివల్ల వచ్చిందో అనుమానం ఉండదు.

నా స్నేహితురాలి విషయం చెబుతాను. రంగు వేసిన, నడుము దాకా జుట్టు ఆమెది. తల ఆరాక అరచెంచా కొబ్బరినూనె, బయటికి వెళ్లేముందు నాలుగైదు చుక్కల సీరమ్ రాసేది. పైన జిడ్డు, కింద గడ్డి. మొదటి వారం ఏదీ రాయకుండా ఒట్టి కండిషనర్‌తో ఉండమన్నాను. జుట్టు బాగా రేగింది, ఆమెకు నా మీద కోపం వచ్చింది. కానీ అసలు స్థితి ఏమిటో అప్పుడే తెలిసింది. మెడ వెనక, కొసల దగ్గర తప్ప మిగతా జుట్టు అంత పొడిగా లేదు.

రెండో వారం ఎడమ పక్కకు మాత్రం తలస్నానానికి గంట ముందు ఒక టీచెంచా కొబ్బరినూనె రాయించాను. ఆరాక చూస్తే రెండు పక్కలూ దాదాపు ఒకేలా రేగాయి. అయితే తడిగా చిక్కు తీసేటప్పుడు ఎడమ పక్క దువ్వెనకు తక్కువగా పట్టింది, తెగిన పొట్టి ముక్కలు కుడి పక్కనే ఎక్కువ వచ్చాయి. మూడో వారం రెండు పక్కలా నూనె రాసి, కుడి పక్కకు మాత్రం తడి మీద రెండు చుక్కల సీరమ్ చేర్చాం. సాయంత్రానికి కుడి పక్క జడ నున్నగా ఉంది, ఎడమ పక్క జడ చుట్టూ నూగులా వెంట్రుకలు లేచాయి. నాలుగో వారం ఆర్గాన్ ప్రయత్నిస్తే, సీరమ్ రాసిన జుట్టు మీద అది పెద్దగా తేడా చూపలేదు. దాన్ని సీరమ్ రాయని రోజులకు కొసల కోసం ఉంచుకుంది. ఇప్పుడు ఆమె వాడే మొత్తం మునుపటి దానిలో సగం కూడా ఉండదు.

ఒక జాగ్రత్త: ఒకేసారి రెండు మార్పులు చేయకండి. రాత్రి ఏ పక్కకు ఒరిగి పడుకుంటారో కూడా గుర్తుంచుకోండి, దిండు రాపిడి వల్ల ఆ పక్క ఎలాగూ కొంచెం ఎక్కువ రేగుతుంది.

నుదుటి మీద, వీపు పైభాగంలో చిన్న చిన్న మొటిమలు వస్తున్నాయి. నూనె వల్లేనా?

జుట్టు ఆనే చోట్లలోనే, అంటే నుదుటి అంచు, కణతలు, వీపు పైభాగంలోనే వస్తుంటే నూనెను అనుమానించాలి. రాత్రి నూనె పెట్టుకోవడం ఆపి, ముందు జుట్టుకు ఏమీ రాయకుండా కొన్ని వారాలు చూడండి. అప్పటికీ తగ్గకపోతే చర్మ వైద్యులకు చూపించండి.

నూనె పాడైందని ఎలా తెలుస్తుంది?

వాసనే చెబుతుంది. మెత్తబడిన వేరుశనగ పలుకుల్లా, పాత రంగుడబ్బాలా ముక్క వాసన వస్తే పారేయండి. ఆర్గాన్‌లో లినోలిక్ ఆమ్లం మూడోవంతు దాకా ఉంటుంది గనుక కొబ్బరినూనె కంటే తొందరగా పాడవుతుంది. ముదురు రంగు సీసాలో, మూత బిగించి, స్నానాల గదికి బయట ఉంచండి.

చిట్లిన కొసలు ఏ నూనెతో అతుక్కుంటాయి?

ఏ నూనెతోనూ శాశ్వతంగా అతుక్కోవు. సీరమ్ చీలిన రెండు పాయలను మళ్లీ తల కడిగేదాకా పట్టి ఉంచుతుంది, ఆ తరువాత అవి విడిపోతాయి. కత్తిరించకుండా వదిలేస్తే చీలిక పైపైకి పాకుతుంది. చీలిక కనబడిన చోటుకు ఒక అంగుళం పైన, పదునైన జుట్టు కత్తెరతో కత్తిరించండి. కాగితాలు కోసే మొద్దు కత్తెర వాడితే కోసిన చోట మళ్లీ చిట్లుతుంది.